పోర్ట్‌ఫోలియో చూపించేటప్పుడు ఏ పని ముందు పెట్టాలి, తప్పు పడితే ఏం చెప్పాలి?

ప్రశ్న: "అన్నా, నేను హనుమకొండలో ఉంటా. మూడేళ్లు ఫ్లెక్సీ షాపులో చేసి, తర్వాత యూఐ నేర్చుకున్నా. వచ్చే వారం హైదరాబాద్‌లో ఒక కంపెనీలో ప్రొడక్ట్ డిజైనర్ ఉద్యోగానికి 45 నిమిషాల పోర్ట్‌ఫోలియో రౌండ్ ఉంది. నా దగ్గర నాలుగు పనులున్నాయి: ఫుడ్ డెలివరీ యాప్ రీడిజైన్, కోచింగ్ సెంటర్ వెబ్‌సైట్, ఎనుమాముల యార్డులో ఒక అడ్తి దుకాణానికి చేసిన మిర్చి తక్‌పట్టీ యాప్, అంటే రైతుకు ఇచ్చే లెక్కల చీటీని ఫోన్‌లో చూపించేది, మేడారం జాతరకు అన్నదానం శిబిరం వాళ్ల దారి బోర్డులు. ఏవి చూపించాలి? ఎట్లా వివరించాలి? వాళ్లు తప్పు పడితే నాకు మాట రాదు, అదే టెన్షన్. లింక్ పెడుతున్నా."

సూటిగా చెప్తాను. తక్‌పట్టీ యాప్ మొదట చూపించండి, ఇరవై నిమిషాలు దానికే ఇవ్వండి. మేడారం బోర్డులు రెండోది, పది నిమిషాలు చాలు. ఫుడ్ డెలివరీ రీడిజైన్ తీసేయండి. కోచింగ్ సెంటర్ వెబ్‌సైట్ లింక్ ఉంచండి, అడిగితేనే తెరవండి. మీ పరిచయానికి రెండు నిమిషాలు తీసేస్తే మిగిలిన టైమంతా వాళ్ల ప్రశ్నలకు పోతుంది, పోవాలి కూడా.

నేను చాలాకాలం హైదరాబాద్‌లో ఇలాంటి రౌండ్లలో టేబుల్‌కు అవతలి వైపు కూర్చున్నాను. ఇప్పుడు హనుమకొండ నుంచే పనిచేస్తూ ఇక్కడి పిల్లలకు మాక్ ఇంటర్వ్యూలు పెడుతుంటాను. మీ లింక్ మొత్తం చదివాకే రాస్తున్నాను.

మీ నాలుగింట్లో చూడ్డానికి అన్నిటికంటే అందంగా ఉన్నది ఫుడ్ డెలివరీ రీడిజైనే. మరి తీసేయమని ఎందుకంటున్నానంటే, ఆ పనిలో మిమ్మల్ని ఎవరూ "కుదరదు" అనలేదు. డెవలపర్ లేడు, గడువు లేదు, డబ్బు పెట్టేవాళ్లు లేరు. ఆ కంపెనీ అసలు ఆ స్క్రీన్‌ను అలా ఎందుకు ఉంచిందో మీకు తెలియదు. నేను ప్యానెల్‌లో ఉంటే "ఈ బటన్ కిందికి జరిపితే ఆర్డర్లు పెరిగాయా?" అని అడుగుతాను. దానికి మీ దగ్గర జవాబు ఉండదు, ఉండే అవకాశం కూడా లేదు. మీరు ఏదో ఒకటి వదులుకోవాల్సి వచ్చిన పనినే ఎంచుకోండి. ప్యానెల్‌లో కూర్చున్నవాళ్లు స్క్రీన్లను ఒక నిమిషంలో చూసేస్తారు. మిగతా టైమంతా, రెండు దారులున్నప్పుడు మీరు ఒకటి ఎందుకు పట్టుకున్నారన్నదే తవ్వుతారు.

తక్‌పట్టీ యాప్‌లో అలాంటి చోటు ఒకటి గట్టిగా ఉంది. కానీ మీ రైటప్‌లో అది కనబడకుండా పోయింది. మొదటి ఆరు పేజీలు పర్సోనాలు, ఎంపథీ మ్యాప్, రంగుల పట్టిక. ఎక్కడో చివర్లో ఒక వాక్యం రాశారు: "రైతులు చీటీ చేతికి రాగానే మడత విప్పి, కింద గీత దగ్గర వేలు పెట్టి, అక్కడి నుంచి పైకి చదువుతున్నారు." ఈ వాక్యం చదివి నేను ఆగిపోయాను. ఇది యార్డులో నిలబడి చూసినవాళ్లు తప్ప ఇంకెవరూ రాయలేరు. మీ ఇంటర్వ్యూ మొత్తం దీని మీద నిలబడాలి. దీన్ని రెండో స్లైడ్‌కు తీసుకురండి. పర్సోనాలు, ఎంపథీ మ్యాప్ తీసేయండి. కోర్సులో చేయమన్నారని చేసినవి చూసేవాళ్లకు వెంటనే తెలిసిపోతాయి.

దీన్ని ఎలా చెప్పాలో మీ స్క్రీన్‌తోనే చూద్దాం. మీరు ఉదాహరణకు పెట్టిన చీటీలో పది బస్తాల తేజ రకం, తూకం 4 క్వింటాళ్ల 20 కిలోలు, ధర క్వింటాలుకు 14,000. మొత్తం 58,800. హమాలీ, కాంటా, అడ్తి కమీషన్ కలిపి కోతలు 1,850. రైతు చేతికి 56,950. కాగితం మీద వరుస ఇదే: రకం, తూకం, ధర, మొత్తం, కోతలు, చివర్న చేతికి. మీరు ఫోన్‌లో దాన్ని తలకిందులు చేసి 56,950ను అన్నిటికంటే పైన, పెద్దగా పెట్టారు. ఇదే మీ నిర్ణయం. ఇప్పుడు దీన్ని మూడు ముక్కలుగా చెప్పాలి: వేరే ఏ దారులు ఉన్నాయి, ఇదెందుకు పట్టుకున్నారు, దీనివల్ల ఏం పోయింది.

వేరే దారులు మీ రైటప్‌లోనే ఉన్నాయి. కాగితంలోని వరుసనే ఉంచడం ఒకటి. దుకాణం యజమాని అడిగినట్టు ఆ రోజు జెండా పాట ధర పైన పెట్టడం రెండోది. హైదరాబాద్ ప్యానెల్‌లో అందరికీ జెండా పాట తెలియకపోవచ్చు కాబట్టి రెండు వాక్యాల్లో చెప్పేయండి: పొద్దున వ్యాపారులంతా ఒక మంచి రాశి దగ్గర చేరి వేలం పాడితే వచ్చే ధర అది, ఆ రోజుకు దాదాపు అదే పైధర. మిగతా సరుకుకు రంగు, తేమ, నాణ్యత చూసి అంతకంటే తక్కువే పడుతుంది. అందుకే జెండా 15,200 అని పైన పెట్టి కింద రైతుకు పడిన ధర 14,000 చూపిస్తే, చీటీ తెరవగానే రైతుకు తాను నష్టపోయినట్టే కనబడుతుంది. దుకాణం ఫోన్‌కు "నాకెందుకు తక్కువేశారు" అనే కాల్సే వస్తాయి. యజమానికి ఈ మాట చెప్పి ఒప్పించానని రాశారు. అది పెద్ద విషయం. ఒక్క నిమిషం ఆగి చెప్పండి, ఎందుకంటే ప్రొడక్ట్ మేనేజర్‌కు కావాల్సింది అదే. పైవాళ్లు అడిగినదానికి కాదని, కారణం చూపించి, పని చెడకుండా ముందుకు వెళ్లగలరా అని చూస్తారు.

ఇక ఏం పోయింది? క్వింటాలు ధర కిందికి పోయింది. పక్క ఊరివాళ్లతో పోల్చుకోవడానికి రైతు అడిగేది ధరే. మీ స్క్రీన్‌లో దానికోసం వేలితో కిందికి జరపాలి. ఈ నష్టాన్ని వాళ్లు అడిగేదాకా ఉంచకుండా మీరే చెప్పండి. "దీనివల్ల ధర చూడాలంటే ఒకసారి కిందికి జరపాల్సి వస్తుంది. డబ్బు లెక్క సరిచూసుకోవడమే చీటీ పని కాబట్టి ఆ నష్టం ఒప్పుకున్నాను" అంటే చాలు. మీరు నష్టాన్ని లెక్కేసుకునే నిర్ణయం తీసుకున్నారని తెలుస్తుంది. వాళ్లు దాన్నే తప్పుగా పట్టుకునే అవకాశం కూడా తగ్గుతుంది.

మొత్తం మాటల్లో పెడితే ఇలా ఉంటుంది, మీ యాసలోకి మార్చుకోండి: "ఎనుమాముల యార్డులో ఒక అడ్తి దుకాణం కాగితం తక్‌పట్టీని రైతు ఫోన్‌కు పంపాలనుకుంది. మొదట నేను కాగితంలో ఉన్న వరుసనే స్క్రీన్ మీద పెట్టాను. యార్డులో నిలబడి చూస్తే రైతులు కాగితాన్ని కింది నుంచి చదువుతున్నారు. ముందు చేతికొచ్చే డబ్బు, తర్వాత కోతలు, ఆ తర్వాతే తూకం. అందుకని వరుస తిప్పాను. యజమాని జెండా ధర పైన కావాలన్నారు, ఎందుకు వద్దో చూపించాను. దీనివల్ల ధర కిందికి పోయింది, అది తెలిసే చేశాను." బయటికి చదివితే ఒక నిమిషం కూడా పట్టదు. దీని తర్వాతే స్క్రీన్ చూపించండి. ముందే స్క్రీన్ పెట్టేస్తే వాళ్ల కళ్లు రంగుల మీదికి పోతాయి, మీ మాట చెవికెక్కదు.

యాప్ పని ఇద్దరు కలిసి చేశామని రాశారు. "మేము చేశాం" అని మొత్తం చెప్పుకుపోకండి. వరుస తిప్పాలన్న ఆలోచన, చీటీ స్క్రీన్ నావి, లాగిన్, దుకాణం వైపు లెక్కలు మా మిత్రుడివి అని ఒక్కసారి స్పష్టంగా చెప్తే తర్వాత ప్రశ్నలు సరైన చోటికి వస్తాయి.

ఇప్పుడు మీకు టెన్షన్ ఉన్న చోటికి వద్దాం. తప్పు పట్టినప్పుడు మాట రాకపోవడానికి ఒక కారణం, వచ్చిన ప్రతి మాటకూ ఒకే రకం జవాబు వెతుక్కోవడం. నేను చూసినంతలో ఆ మాటలు మూడు రకాలుగా వస్తాయి, మూడింటికీ జవాబు వేరు. మీ స్క్రీన్ మీదే మూడూ చూపిస్తాను.

మొదటిది కొలిచి చూడగలిగే తప్పు. మీ కోతల వరుసలు తెల్ల నేపథ్యం మీద `#999999` బూడిద రంగులో ఉన్నాయి. ఆ రెండు రంగుల మధ్య కాంట్రాస్ట్ 2.85:1 మాత్రమే. మామూలు సైజు అక్షరాలకు WCAG ప్రమాణం AA స్థాయిలో కనీసం 4.5:1 అడుగుతుంది. ఇంట్లో లాప్‌టాప్ మీద బాగానే కనిపిస్తుంది, కానీ మిర్చి సీజన్‌లో యార్డులో మిట్టమధ్యాహ్నం ఎండలో ఫోన్ పట్టుకుంటే ఆ అంకెలు మాయమవుతాయి. ఎవరైనా ఇది పట్టుకుంటే వాదించడానికేం లేదు. "అవును, 4.5 దాటడం లేదు. `#767676` గానీ అంతకంటే ముదురు గానీ వాడాలి" అని ముందుకు వెళ్లండి. అంతకుమించి సారీలు, సంజాయిషీలు వద్దు.

అయితే ఇక్కడ రంగు కంటే లోతైన మాట ఒకటి ఉంది. అనుభవమున్న లీడ్ అయితే అక్కడికే వస్తారు. చేతికొచ్చే డబ్బు పెద్దగా, నల్లగా పెట్టి, కోతలను వెలిసిన రంగులో పెడితే, దుకాణం కోతలను దాస్తోందని రైతు అనుకోడా? మీరు చూసినదాని ప్రకారమే రైతు రెండోసారి చదివేది కోతలనే. కాబట్టి ఆ వరుసలు చేతికి మొత్తం తర్వాత అన్నిటికంటే స్పష్టంగా ఉండాలి. దీన్ని ఇంటర్వ్యూలోపే సరిచేయండి. పాత స్క్రీన్ పక్కన కొత్తది పెట్టి ఎందుకు మార్చారో చెప్పగలిగితే ఇంకా మంచిది.

ఇదే రకంలో ఇంకొకటి. "క్వింటాళ్లు" అన్న మాటలో ళ కింది ల వత్తు మీ స్క్రీన్‌లో సగం తెగిపోయింది. వరుస ఎత్తు అక్షరం సైజుకు 1.2 రెట్లు పెట్టారు. ఇంగ్లీషుకు అది సరిపోతుంది. తెలుగులో పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి కాబట్టి 1.5 నుంచి 1.6 దగ్గర మొదలుపెట్టి, "క్వింటాళ్లు", "స్త్రీ" లాంటి మాటలు వేసి చూసుకోవాలి. తెలుగు చదివేవాళ్లు ప్యానెల్‌లో ఒక్కరున్నా మొదట కంటబడేది ఇదే. తెలుగు రైతుల కోసం చేశానని చెప్పుకునే పనిలో తెలుగు తెగి ఉంటే మిగతా మాటలకు విలువ తగ్గుతుంది.

రెండోది మీరు ఆలోచించని సందర్భం. ఉదాహరణకు నేనైతే ఇది అడుగుతాను: "ఒకే రైతు ఆరు బస్తాల ఎర్ర కాయలు, నాలుగు బస్తాల తాలు తెచ్చాడు. రెండింటికి రెండు ధరలు. నీ స్క్రీన్ ఏం చేస్తుంది?" మీ స్క్రీన్‌లో ధరకు ఒకే చోటు ఉంది, దీనికి జాగా లేదు. ఇక్కడే చాలామంది బిగుసుకుపోతారు, లేదా "అలాంటివి అరుదు సార్" అంటారు. తాలు అరుదు కాదు, యార్డుకు వెళ్లినవాళ్లకు తెలుసు. "ఇది నేను చేయలేదు, ఇప్పుడు ఆలోచిస్తాను" అని చెప్పి నోటితోనే ఆలోచించండి. రకాలు రెండైనా రైతు చేతికి వచ్చే మొత్తం ఒకటే, కాబట్టి పైన ఉన్న అంకె మారదు. తూకం, ధర వరుసలు రెండు జతలవుతాయి. హమాలీ బస్తాల లెక్క కాబట్టి కోతలు కలిపే చూపించొచ్చు, కమీషన్ మాత్రం రెండింటి మొత్తం మీద పడుతుంది. ఇలా చెప్తూ పోతే, మీ మొదటి నిర్ణయం కొత్త సందర్భంలో కూడా నిలబడిందో లేదో మీకే తెలుస్తుంది. ఇక్కడ నిలబడింది. నిలబడకపోతే అదీ చెప్పండి. ఆ రెండు నిమిషాల ఆలోచన వినడానికే ఆ ప్రశ్న వేస్తారు. పక్కన కాగితం, పెన్ను పెట్టుకోండి, గీస్తూ మాట్లాడితే మాట ఆగదు.

ఒకసారి నర్సంపేట నుంచి వచ్చిన ఒక అమ్మాయికి మాక్‌లో ఇలాంటి ప్రశ్నే వేశాను. ఆమె ఒక నిమిషం ఏమీ మాట్లాడలేదు, కాగితం మీద మూడు గీతలు గీసింది, తర్వాత "ఈ సందర్భంలో నా డిజైన్ పనిచేయదు, ఇక్కడి దాకానే పనిచేస్తుంది" అని వేలు పెట్టి చూపించింది. ఆ జవాబు నాకు బాగా నచ్చింది. మాట రాకుండా ఒక నిమిషం గడిచినా ఏం కాదు, "ఒక నిమిషం ఆలోచిస్తాను" అని ముందు చెప్పేస్తే చాలు.

మూడోది రుచికి సంబంధించిన మాట. "ఈ ఆకుపచ్చ నాకు నచ్చలేదు", "కాస్త పాతగా ఉంది" లాంటివి. దీనికి వెంటనే సరే అనొద్దు, కాదనొద్దు. "మీకు ఎక్కడ అలా అనిపించింది, బటన్‌లోనా, పైపట్టీలోనా?" అని అడగండి. చాలాసార్లు అసలు ఇబ్బంది రంగు కాకుండా ఇంకేదో అయి ఉంటుంది. వరుసల మధ్య జాగా తక్కువగా ఉండటమో, బటన్ ఏదో కనబడకపోవడమో బయటికొస్తుంది. అప్పుడు అది మొదటి రకమో రెండో రకమో అవుతుంది, జవాబు మీకు తెలిసే ఉంటుంది. నిజంగా రుచి మాటే అయితే "దుకాణం బోర్డు రంగు అది, రైతులు దాన్ని గుర్తుపడతారని ఉంచాను" అన్న కారణం ఉంటే చెప్పండి. కారణం లేకపోతే లేదనే చెప్పండి. అప్పటికప్పుడు పుట్టించిన కారణం మరుసటి ప్రశ్నకే కూలిపోతుంది.

ఒక హెచ్చరిక. కొందరు ప్యానెల్‌వాళ్లు కావాలనే ఎదురు వాదన పెడతారు. "ధర పైన ఉండాలి, రైతుకు ధరే ముఖ్యం" అని గట్టిగా అంటారు. అప్పుడు మీరు "అవును సార్, మార్చేస్తాను" అంటే, ఇప్పటిదాకా చెప్పినదంతా నీళ్లపాలవుతుంది. నేను చూసిన మంచి పోర్ట్‌ఫోలియోల్లో కొన్ని ఇక్కడే దెబ్బతిన్నాయి. ప్రతి మాటకూ ఒప్పుకునేవాళ్లు రేపు మీటింగ్‌లో డెవలపర్ ఒక మాట అంటే డిజైన్ మార్చేస్తారన్న భయం వస్తుంది. "ఏం చూస్తే నా మనసు మారుతుందో చెప్తాను" అనండి: రైతులు చీటీ తెరవగానే కిందికి జరిపి ధర వెతుకుతున్నారని యాప్ లెక్కల్లో కనిపిస్తే ధరను పైకి తెస్తాను, అప్పటిదాకా ఇలాగే ఉంచుతాను. ఇది మొండితనం కాదు, ఎదుటివాళ్ల మాటను పరీక్షించే దారి చూపించడం. "ఎంతమంది రైతులను చూశావు?" అని అడిగితే ఉన్న సంఖ్యే చెప్పండి, పెంచొద్దు. తక్కువ మందే అయినా అందరూ ఒకే రకంగా చదివారంటే అది చెప్పదగ్గ మాటే. ఎంతమంది అలా చదువుతారో తేల్చడానికి మాత్రం అది సరిపోదని కూడా మీరే అనండి.

మేడారం బోర్డులు రెండోదిగా ఎందుకంటే, అవి తెర మీది పని కాకపోయినా కొలతతో చేసిన పని. ఫ్లెక్సీ షాపు అనుభవం గురించి సిగ్గుపడుతున్నట్టు మీ రైటప్‌లో కనిపించింది, ఆ అవసరం లేదు. బోర్డులు రాసేవాళ్ల దగ్గర ఒక మోటు లెక్క ఉంది: పది అడుగుల దూరానికి ఒక అంగుళం అక్షరం. వంద అడుగుల నుంచి చదవాలంటే పది అంగుళాలు. అది ఇంగ్లీషు అక్షరాలకు. వత్తులున్న తెలుగుకు ఇంకా పెద్దది కావాలి. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బస్సు వంద అడుగులను మూడు సెకన్లలోపే దాటేస్తుంది. అందుకే మీరు శిబిరం పేరు, దాతల పేర్లు తీసేసి "భోజనం, ఎడమవైపు, 1 కి.మీ." అని బాణం గుర్తు మాత్రం ఉంచారు. దాతల పేర్లు వేయకపోతే ఒప్పుకోం అన్నవాళ్లకు శిబిరం ద్వారం దగ్గర వేరే బోర్డు పెట్టారు. ఇదే కథ, ఇంతే చెప్పండి. రోడ్డు పక్కన దూరం నుంచి తీసిన ఫోటో ఒకటి తప్పకుండా ఉండాలి. దగ్గర నుంచి తీసిన ఫోటోలో ఈ నిర్ణయం కనబడదు.

ఏర్పాట్ల సంగతి క్లుప్తంగా. ఫిగ్మా ఫైల్ నేరుగా తెరవకుండా పది, పన్నెండు స్లైడ్లు చేసుకోండి, అదే PDF డెస్క్‌టాప్ మీద ఉంచండి. నెట్ సరిగ్గా అప్పుడే పోతుంది. ప్రోటోటైప్ అడిగితేనే చూపించండి. రైతు పేరు, ఫోన్ నంబర్ ఉన్న నిజమైన చీటీ ఫోటో ఒకటి లింక్‌లో ఉంది, దాన్ని ఈరోజే తీసేయండి లేదా చెరిపేయండి. దుకాణం పేరు వేయడానికి యజమానిని ఒకసారి అడగండి.

కోతల రంగు, వత్తు, తాలు బస్తాల స్క్రీన్ ఈ మూడూ సరిచేశాక లింక్ ఇక్కడే మళ్లీ పెట్టండి. నాకు ఆదివారం తీరిక ఉంటుంది. మీరు ఫోన్‌లో పదిహేను నిమిషాలు చెప్తే, నేను ఆ మూడు రకాల ప్రశ్నలూ వేస్తాను.